కవల పిల్లల వేలిముద్రలు వేరుగా ఎందుకుంటాయి?

ప్రశ్న: సార్, మాది హనుమకొండ. నాకు కవల ఆడపిల్లలు, ఏడో తరగతి. ఒకే మాయలో పుట్టిన్రు, నేనే ఒక్కోసారి ఒకరి పేరు పెట్టి ఇంకొకరిని పిలుస్తా. మొన్న బడికి ఒకాయన వచ్చి వేలిముద్రలు స్కాన్ చేసి పిల్లల తెలివి ఎటువైపు ఉందో చెప్తామన్నడు. ఒక్కొక్కరికి నాలుగు వేలు. తల్లి కడుపులో మెదడు, వేలిముద్రలు ఒకేసారి తయారైతయట. ఇద్దరివీ ఒక్కతీరే ఉంటే ఒకరికి చేయిస్తే చాలు కదా అంటే, లేదమ్మా, కవలలకు కూడా వేరే ఉంటయి అన్నడు. ఒకటే పిండం, ఒకటే కడుపు, మరి ముద్రలు ఎందుకు వేరైతయి? స్టాంపు ప్యాడుతో ఇద్దరి ముద్రలు తీసి పంపుతున్న. ఇంకో మాట, మా అత్తమ్మ ముప్పై ఏండ్లు బీడీలు చుట్టింది. రేషన్ షాపుల ఆమె తంబ్ పడుతలేదు. గీతలు అరిగిపోతే ముద్ర మారిపోయినట్టేనా? – ఒక తల్లి

సమాధానం:

అమ్మా, ముద్రలు చక్కగా తీశారు. గోరు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా వేలిని దొర్లించి తీయడం వల్ల చాలా వివరం దొరికింది. భూతద్దం పెట్టి చూశాను.

ముందు కుడి మధ్యవేలు చూద్దాం. ఇద్దరికీ శంఖమే. గీతలు చిటికెన వేలి వైపు నుంచి లోపలికి వచ్చి, మధ్యలో మలుపు తిరిగి, మళ్లీ అటే వెళ్లిపోయాయి. పక్కనే, మూడు వైపుల గీతలు కలిసే చోట చిన్న త్రికోణం ఉంది. ఆ త్రికోణం నుంచి శంఖం నడిమి దాకా సూది మొనతో గీతలు లెక్కపెడితే పెద్దమ్మాయికి పద్నాలుగు, చిన్నమ్మాయికి పదహారు వచ్చాయి. దూరం నుంచి చూస్తే ఒకరిదే రెండుసార్లు తీశారేమో అనిపిస్తుంది. కానీ త్రికోణం నుంచి మూడో గీత పెద్దమ్మాయి వేలిలో రెండుగా చీలింది. చిన్నమ్మాయి వేలిలో అదే గీత చీలకుండా సాఫీగా పోయింది, ఆరో గీత మాత్రం ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆగిన చోట పక్కన రెండు మిల్లీమీటర్లు కూడా లేని తునక గీత ఒకటి ఒంటరిగా ఉంది. పెద్దమ్మాయి వేలిలో అలాంటిది ఎక్కడా లేదు.

ఎడమ ఉంగరపు వేలికి వస్తే తేడా కంటికే కనిపిస్తుంది. పెద్దమ్మాయికి చక్రం, చిన్నమ్మాయికి శంఖం. మీ ప్రశ్నకు జవాబు ఈ రెండు వేళ్లలోనే ఉంది. మొత్తం ఆకారం ఎక్కడి నుంచి వస్తుందన్నది ఒక సంగతి, గీత ఎక్కడ చీలుతుంది, ఎక్కడ ఆగుతుంది అన్నది మరో సంగతి.

గర్భంలో ఏడెనిమిది వారాలకు వేళ్లు విడివిడిగా ఏర్పడుతూ ఉంటాయి. అప్పుడు ఒక్కో వేలి కొసన లోపలి వైపు చర్మం కింద చిన్న ఉబ్బు లేస్తుంది. పిల్లి పాదం తిప్పి చూస్తే కనిపించే మెత్తలు ఈ జాతివే. పిల్లికి అవి జీవితాంతం ఉంటాయి. మనిషి పిండంలో మాత్రం పదీ పదకొండు వారాల తర్వాత వేలు త్వరత్వరగా పెరుగుతుంది, ఉబ్బు అంత పెరగదు. దాంతో అది నెమ్మదిగా వేలిలో కలిసి చదునైపోతుంది. సరిగ్గా ఈ చదునయ్యే సమయంలోనే గీతలు మొదలవుతాయి. అప్పటికి పిండం తల నుంచి పిరుదుల దాకా అయిదారు సెంటీమీటర్లకు మించి ఉండదు.

గీతలు పైచర్మం మీద గీసినట్టు పుట్టవు. పైచర్మానికి అట్టడుగున, కొత్త కణాలు పుట్టించే పొర ఒకటి ఉంటుంది. ఆ పొరలో కొన్ని వరుసల్లో కణాలు పక్కవాటికంటే వేగంగా పెరిగి కింది చర్మంలోకి దిగబడతాయి. బయటికి కనిపించే గీతకు లోపల ఇలా దిగిన వరుసే పునాది. పైకి అది కనిపించడానికి ఇంకా చాలా వారాలు పడుతుంది. మీ అత్తమ్మ గారి సంగతికి వచ్చినప్పుడు ఈ పొర మళ్లీ మనకు అవసరమవుతుంది, గుర్తుపెట్టుకోండి.

వేలి కొస అంతటా ఈ వరుసలు ఒకేసారి మొదలుకావు. ఒకటి ఉబ్బు నడిమిన, ఒకటి గోరు కింద వేలి కొనన, మరొకటి పై కణుపు మడత దగ్గర, ఇలా మూడు చోట్ల మొదలై ఎదురెదురుగా పాకుతాయి. ఒక చేనును ముగ్గురు మూడు వైపుల నుంచి దున్నుకుంటూ వస్తున్నారనుకోండి. ఎవరి సాళ్లు వాళ్లకు వరుసగానే పడతాయి. ముగ్గురూ కలిసే చోట మాత్రం సాలుకు సాలు అతకదు. అక్కడ మిగిలే మూడుమూలల జాగానే ఇందాక చెప్పిన త్రికోణం.

ఇక చక్రమా, శంఖమా అన్నది చాలావరకు ఆ సమయానికి ఉబ్బు ఎంత ఎత్తుగా ఉందన్నదాన్ని బట్టి తేలుతుంది. ఉబ్బు ఇంకా ఎత్తుగా, గుండ్రంగా ఉండగానే గీతలు మొదలైతే దాని చుట్టూ తిరిగి చక్రం పడుతుంది. సగం తగ్గి ఒక పక్కకు ఒరిగితే శంఖం. దాదాపు చదునయ్యాక మొదలైతే గీతలు చిన్న వంపుతో అడ్డంగా సాగిపోతాయి. ప్రపంచం మొత్తం మీద చూస్తే శంఖాలే ఎక్కువ, తర్వాత చక్రాలు, వంపులు బాగా తక్కువ.

ఉబ్బు ఎత్తు, వేలి పెరుగుదల, గీతలు మొదలయ్యే వేళ చాలామటుకు జన్యువుల చేతిలో ఉన్నవే. మీ పిల్లలకు జన్యువులు ఒకటే గనక ఆకారాలు దగ్గరగా వచ్చాయి, గీతల లెక్కలో రెండే తేడా వచ్చింది. మామూలు అక్కాచెల్లెళ్లలో ఇంత దగ్గరితనం ఉండదు. మరి ఉంగరపు వేలికి ఏమైంది? ఉబ్బు తగ్గడానికీ గీతలు మొదలవడానికీ మధ్య ఉన్నది పరుగు పందెం. పెద్దమ్మాయి వేలిలో గీతలు కాస్త ముందు మొదలైనా, చిన్నమ్మాయి వేలిలో ఉబ్బు కొద్దిగా ముందు తగ్గినా ఒకరికి చక్రం, ఇంకొకరికి శంఖం పడతాయి. చక్రానికీ శంఖానికీ మధ్య సరిహద్దు మీద ఉన్న వేలికి ఇంత చిన్న తేడా చాలు.

చీలికలు, ఆగిపోవడాల కథ వేరు. అక్కడ జన్యువుల మాట పెద్దగా చెల్లదు. గీతల వరుస ఎలా ఏర్పడుతుందో 2023లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం వాళ్లు బయటపెట్టారు. చర్మ కణాలు ఒకదానికొకటి పంపుకునే రసాయన సంకేతాల్లో వింట్ అనేది ‘ఇక్కడ గీత పెరగనీ’ అంటుంది, బీఎంపీ అనేది ‘ఇక్కడ వద్దు’ అంటుంది. ఈ రెండూ లాగులాడుకునే చోట గీత, సందు, గీత, సందు వరుస వాటంతట అవే తేలుతాయి. ఇలాంటి లెక్కను గణిత శాస్త్రవేత్త అలన్ ట్యూరింగ్ 1952లోనే కాగితం మీద వేసి చూపించాడు. జీబ్రా చారలకు కూడా ఇదే లెక్క వర్తిస్తుందంటారు. గమ్మత్తు ఏమిటంటే, మొదట్లో వేలి గీత కూడా వెంట్రుక కుదురు నడిచే దారిలోనే నడుస్తుంది. తర్వాత మధ్యలో ఆగిపోయి గీతగా స్థిరపడుతుంది. మన వేలి కొసల మీద వెంట్రుకలు ఉండవు కదా.

ఈ లాగులాటలో రెండు గీతల మధ్య ఎంత ఎడం ఉండాలో చాలావరకు నియమం ప్రకారం తేలిపోతుంది. ఫలానా గీత ఏ కణం దగ్గర మొదలవ్వాలో, ఎక్కడ చీలాలో చెప్పే ఆదేశం మాత్రం ఎక్కడా రాసి లేదు. ఒకచోట రెండు కణాలు ఎక్కువ ఉన్నా, ఒక కణం కాస్త ముందు విభజన చెందినా, సంకేతం ఒక పక్క చిక్కబడినా గీత కొంచెం పక్కకు జరుగుతుంది. అది జరిగితే పక్కది కూడా సర్దుకోవాలి, దాని పక్కది కూడా. పైగా ఆ వారాల్లో వేలు ఆగకుండా పెరుగుతూనే ఉంటుంది. వేలు వెడల్పైతే గీతల మధ్య ఎడం పెరుగుతుంది, ఖాళీ పడ్డ చోట కొత్త గీత వచ్చి దూరుతుంది. అది పూర్తిగా సాగితే చీలిక, సాగకపోతే మధ్యలో తెగిన గీత, ఇంకా చిన్నగా మిగిలితే మీ చిన్నమ్మాయి వేలిలో ఉన్న తునక. సుమారు పదిహేడో వారానికి కొత్త గీతలు పుట్టడం ఆగిపోతుంది. అప్పటి దాకా జరిగినదంతా అక్కడికి ఖరారు. ఆ తర్వాత గీతల మధ్య సందులు లోతవుతాయి. ఆరో నెలకు నమూనా పూర్తవుతుంది.

ఒక్క వేలి కొసలో ఇలాంటి చీలికలు, ముగింపులు వంద దాకా ఉంటాయి. ప్రతి ఒక్కటీ చిన్న చిన్న తేడాల మీద తేలినదే. ఒకచోట కలిసినా అన్ని చోట్లా, అదే వరుసలో, అదే ఎడంతో మళ్లీ రావాలంటే ఎలా కుదురుతుంది? 1892లోనే బ్రిటన్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ లెక్క కట్టి, ఒక వేలిముద్ర మరో వేలిముద్రతో కలిసే అవకాశం 6,400 కోట్లలో ఒకటి అన్నాడు. అది అంచనానే. లోకంలోని ముద్రలన్నీ పక్కపక్కన పెట్టి పోల్చిన వారెవరూ లేరు. అయితే నూరేళ్లకు పైగా పోలీసు బ్యూరోల్లో ముద్రలు పోలుస్తూనే ఉన్నారు, రెండు వేళ్ల పూర్తి ముద్రలు గీత గీతకూ కలిసిన దాఖలా లేదు. తప్పులు జరిగింది సగం పడిన, చెరిగిన ముద్రలతో. 2004లో మాడ్రిడ్ రైళ్ల పేలుళ్ల తర్వాత సంచి మీద దొరికిన అరకొర ముద్రను అమెరికాలో ఒక లాయర్‌దని ఎఫ్‌బీఐ పొరబడి ఆయన్ను అదుపులోకి తీసుకుంది. తర్వాత వేరే వ్యక్తిదని తేలి క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ తప్పు పోల్చిన మనుషులది, వేలిది కాదు.

కడుపులో ఉమ్మనీటి ఒత్తిడి, బిడ్డ వేళ్లు గోడకు తగలడం వల్లే కవలల ముద్రలు వేరవుతాయని చాలాచోట్ల రాస్తుంటారు. కొంత ప్రభావం ఉండొచ్చు, కాదనను. అసలు కారణం అదే అంటే మాత్రం నేను ఒప్పుకోను. మీ పెద్దమ్మాయి పది వేళ్లనే తీసుకోండి. జన్యువులు ఒకటే, ఉమ్మనీరు ఒకటే, ఒంట్లో పారే రక్తం ఒకటే. అయినా పది వేళ్లకు పది ముద్రలు. ఒక బిడ్డ ఎడమ చేతికీ కుడి చేతికీ మధ్యే పొత్తు కుదరనప్పుడు ఇద్దరు బిడ్డలకు ఎలా కుదురుతుంది?

బడికి వచ్చినాయన మాటల్లో ఒక ముక్క నిజం ఉంది. మెదడూ పైచర్మమూ పిండంలోని ఒకే బయటి పొర నుంచి వస్తాయి. రెండూ ఆ నెలల్లో పెరుగుతూనే ఉంటాయి కూడా. ఆ మాటకొస్తే పళ్ల చిగుళ్లు, వెంట్రుకలు, గోళ్లు కూడా అదే కాలంలో ఏర్పడుతుంటాయి. గోళ్లు చూసి మీ అమ్మాయి లెక్కల్లో గట్టిదని ఎవరైనా చెబితే నమ్ముతారా? ఈ వేలు మెదడులో ఫలానా భాగానిది, చక్రం ఉంటే ఇంజినీరు, శంఖం ఉంటే కళాకారిణి అనే పట్టికకు ఆధారం లేదు. మీ పిల్లల ఉంగరపు వేళ్లనే చూడండి. ఆయన రిపోర్టు ప్రకారం ఇద్దరి తెలివీ అక్కడ వేరుపడాలి. నిజానికి ఆ వేళ్లలో ఉన్న తేడా ఒక ఉబ్బు కాస్త ముందో వెనకో చదునవడమే. డౌన్ సిండ్రోమ్ వంటి కొన్ని క్రోమోజోమ్ స్థితుల్లో అరచేతి గీతలు, వేలిముద్రలు మామూలు కంటే వేరే తీరులో ఎక్కువగా కనిపిస్తాయన్నది నిజమే. ఆ ఒక్క నిజాన్ని పట్టుకుని ఈ వ్యాపారం అంతా కట్టారు. డాక్టర్లు కూడా ఆ గీతలు చూసి జబ్బు తేల్చరు, రక్తపరీక్ష చేయిస్తారు.

ఎనిమిది వేలు పోవడం కంటే నాకు ఎక్కువ భయం పిల్లల ముద్రలు ఎవరి కంప్యూటర్‌లోకి వెళ్తాయన్నది. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, వేలు మార్చుకోలేం. ఇది ఎక్కడో జరిగే ముచ్చట కాదు. 2018లో మన పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డులు అమ్మే ఒకతను రిజిస్ట్రేషన్ పత్రాల మీది వేలిముద్రల నుంచి రబ్బరు ముద్రలు తయారుచేసి, వాటితో సిమ్‌లు యాక్టివేట్ చేసి పట్టుబడ్డాడు. కాబట్టి బడివాళ్లకు వద్దని రాసివ్వండి. స్కాన్ ఇప్పటికే అయిపోయి ఉంటే ఆధార్ యాప్‌లో ఇద్దరి బయోమెట్రిక్ లాక్ చేయండి. అవసరం వచ్చినప్పుడు తెరుచుకోవచ్చు. నాకు పంపిన కాగితాలు కూడా మీకే తిరిగి పోస్టు చేస్తున్నాను.

ఇక అత్తమ్మ గారి వేళ్లు. ఆమె ముద్ర మారలేదు, మారదు. రోజంతా తునికాకు కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం బిగించే చేతుల్లో బొటనవేలు, చూపుడువేలు కొసల మీద పైపొర అరుగుతూనే ఉంటుంది. అరిగేది పైన ఉన్న గీత కొస. పునాది అడుగు పొరలో ఉందని చెప్పాను కదా, అది భద్రంగానే ఉంది. పైచర్మం సుమారు నెలకోసారి కిందనుంచి కొత్తగా వస్తుంది. బీడీల పని కొన్ని వారాలు ఆపితే అవే గీతలు, అవే చీలికలతో పైకి తేలతాయి. అడుగు పొర దాకా కాలినా, లోతుగా తెగినా మాత్రం అక్కడ మచ్చ కడుతుంది, ఆ మేరకు గీతలు తిరిగి రావు. వయసు వల్ల చర్మం పల్చబడి గీతల ఎత్తు తగ్గడం మరో ఇబ్బంది. యంత్రానికి గీతకూ సందుకూ తేడా అందదు. అందుకే తంబ్ పడదు. ముద్ర కలవలేదని యంత్రం చెప్పినా, చాలాసార్లు అసలు సంగతి దానికి ముద్ర స్పష్టంగా కనిపించకపోవడమే.

షాపుకు వెళ్లే ముందు రాత్రి వేళ్లకు కొబ్బరినూనె రాసి పడుకోమనండి. పొద్దున సబ్బుతో కడిగి పూర్తిగా తుడుచుకోవాలి, నూనె మిగిలితే గాజు మీద జారుతుంది. బొటనవేలుతోనే పట్టుదల వద్దు. బీడీ చుట్టడంలో ఉంగరపు వేలు, చిటికెన వేలు తక్కువ రాపిడికి గురవుతాయి, వాటిని పెట్టి చూడమనండి. ఆధార్‌లో పది వేళ్లూ ఉంటాయి కాబట్టి ఏది కలిసినా సరిపోతుంది. డీలరు దగ్గర కంటిపాప యంత్రం ఉంటే అది అడగండి. కార్డులో పేరున్న ఇంకొకరు వెళ్లి వేలు పెట్టినా బియ్యం ఇస్తారు. ఇవేవీ పనిచేయకపోతే ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు కొత్తగా ఇప్పించండి. ఆ ముందు రెండు మూడు వారాలు ఆమె చేతికి చాట, కత్తెర ఇవ్వకుండా ఉంటే ముద్రలు బాగా పడతాయి.

పిల్లలకు పదిహేనేళ్లు నిండాక ఆధార్‌లో వేలిముద్రలు మళ్లీ ఇవ్వాలి. నమూనా మారుతుందని కాదు, వేలు పెరిగి గీతల మధ్య ఎడం సాగుతుంది గనుక. ఆ రోజు ఇద్దరినీ ఒకేసారి తీసుకెళ్తే, ఎవరి వేలు ఎవరి నంబరు కింద పెడుతున్నారో దగ్గరుండి చూసుకోండి. ఒకరి పేరు పెట్టి ఇంకొకరిని పిలిచే అమ్మ కదా మీరు.